మంచం మీది బడిలో బొమ్మలకంటే ముందు కావలసింది

పిల్లల వార్డుకి వెళ్లేటప్పుడు మనలో చాలామందిమి ఏం పట్టుకెళతాం? పళ్లు, బిస్కెట్లు, రంగుల పెట్టె, గాలి బుడగలు. మహిళా మండలి తరఫున వెళితే ఒక ఫొటో కూడా. వాటినేమీ తప్పుపట్టడం లేదు నేను. పిల్లలు సంతోషిస్తారు కూడా. కానీ ఆ సంతోషం మర్నాటి పొద్దున్నకి మిగలదు. బుడగలో గాలి పోతుంది, రంగుల పెట్టె తలగడ కిందకి వెళుతుంది. పిల్లవాడు మళ్లీ పైకప్పు ఫ్యానుకేసి చూస్తూ పడుకుంటాడు.

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక వారానికి మూడు రోజులు ఒక పెద్దాసుపత్రి పిల్లల ఎముకల వార్డులో చదువు చెబుతున్నాను. బడి అనడానికి మాకు గది లేదు, గంట లేదు. ఒక చెక్క బీరువా, పది మంచాలు, అంతే. అక్కడ చూసినదాన్ని బట్టి నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. మంచం దిగలేని పిల్లకి ముందుగా కావలసింది కాలక్షేపం కాదు, మరో పిల్ల ఎదురుచూసే పని. ఆసుపత్రి బడిలో ఏ ఆట పెట్టినా, ఏ పాఠం చెప్పినా నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఈ పిల్ల చేసింది ఇంకో పిల్ల చేతికి చేరుతుందా? చేరకపోతే ఆ పని ఎంత ముచ్చటగా ఉన్నా రెండో రోజుకి చప్పబడిపోతుంది.

ఇది పాశ్చాత్య దేశాల గొప్ప కోసం చెప్పే మాటేం కాదు గానీ, అక్కడ కూడా ఈ సంగతి అంత తొందరగా ఒప్పుకోలేదు. ఆసుపత్రిలో చేర్చిన పిల్లల్ని చూడటానికి తల్లిదండ్రులకే సరిగా అనుమతి ఉండేది కాదు బ్రిటన్‌లో. 1959లో ప్లాట్ కమిటీ నివేదిక వచ్చి, తల్లిదండ్రుల్ని రానివ్వాలనీ, పిల్లలకి ఆటా చదువూ ఉండాలనీ చెప్పింది. 1988లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో ఐరోపా సంఘాలు కలిసి ఆసుపత్రిలోని పిల్లల హక్కుల పత్రం రాసుకున్నాయి. వయసుకీ ఒంటి స్థితికీ తగ్గట్టు ఆట, వినోదం, చదువు ఉండాలన్నది అందులో ఒక అంశం. మన 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ చదువు హక్కంది. మంచం మీదున్న పిల్లల్ని మినహాయించమని అందులో ఎక్కడా లేదు. సరే, కాగితం మాట అలా ఉంచి మంచం దగ్గరికి వద్దాం.

వెల్లకిలా పడుకున్న పిల్లకి లోకం ఎలా కనిపిస్తుంది?

తొడ ఎముక విరిగిన పిల్లలకి ఇప్పుడు చాలాచోట్ల తొందరగానే ఆపరేషన్ చేసి, లోపల సన్నటి కడ్డీలు పెట్టి ఇంటికి పంపేస్తున్నారు. కానీ గాయం తెరుచుకుని చీము పట్టినా, ఇంకేదైనా చిక్కు వచ్చినా అది మానేదాకా కాలుకి బరువు కట్టి పడుకోబెడతారు. డాక్టర్లు ట్రాక్షన్ అంటారు, మా వార్డు తల్లులు 'బరువు కట్టడం' అంటారు. మంచం కొసన చక్రం మీదుగా తాడు, తాడు చివర బరువు. వారాల తరబడి ఆ పిల్ల వెల్లకిలానే ఉండాలి. మనం మామూలుగా తలచుకునే ఆటలూ పుస్తకాలూ అన్నీ కూర్చున్న పిల్ల కోసం తయారైనవే. అక్కడే మొదటి చిక్కు వస్తుంది.

పడుకుని, చేతులు పైకెత్తి బాల్‌పెన్నుతో రాసి చూడండి. ములికి పైకి ఉంటుంది కదా, నాలుగు లైన్లకి ఇంకు దిగడం మానేస్తుంది. పిల్ల 'నాకు రావడం లేదు టీచర్' అంటుంది. రానిది పిల్లకి కాదు, పెన్నుకి. అందుకని మా దగ్గర అన్నీ పెన్సిళ్లే. కాగితం పెట్టుకోవడానికి పరీక్షలకి వాడే క్లిప్పు అట్ట. దాన్ని పొట్ట మీద ఏటవాలుగా నిలబెట్టడానికి వెనకాల మడత పెట్టిన దుప్పటి. చేతులు గాల్లో ఉంచి రాస్తే ఐదు నిమిషాలకే భుజాలు లాగుతాయి. మోచేతులు రెండు పక్కలా తలగడల మీద ఆనితే పావుగంట రాయగలుగుతుంది. పెన్సిల్‌కి దారం కట్టి క్లిప్పుకి ముడేస్తాం, ఎందుకంటే కింద పడ్డ పెన్సిల్ ఆ పిల్లకి ఊరవతల పడ్డట్టే లెక్క.

ఇంకో చిన్న సంగతి ఉంది. చదువు మొదలెట్టే ముందే సిస్టరమ్మతో మాట్లాడుకోవాలి. సెలైన్ సూది ఏ చేతికి పెడుతున్నారు? పిల్ల రాసే చెయ్యి ఏదో ముందే చెబితే, నరం దొరికినంతవరకూ రెండో చేతికి పెడతారు. ఎవరూ చెప్పకపోతే వాళ్లకి మాత్రం ఎలా తెలుస్తుంది? మా మంచాల దగ్గర తలవైపు గోడకి 'కుడిచేతి వాటం', 'ఎడమచేతి వాటం' అని చిన్న చీటీలు అంటించి ఉంటాయి. అవి రాసింది పిల్లలే.

ట్రాక్షన్ కడ్డీలకి మాత్రం ఏదీ కట్టకూడదు. బొమ్మలు వేలాడదీయడానికి అవి బాగా అనువుగా కనిపిస్తాయి. కానీ వాటి మీద ఏం తగిలించినా తాడు లాగే దారి మారవచ్చు. బరువుని ఊపడం, ఎత్తి మంచం మీద పెట్టడం కూడా కూడదు. చూడటానికి వచ్చిన చుట్టాల పిల్లలు చేసే మొదటి పని అదే!

గింజలు లేని పులి-మేక

పక్కపక్క మంచాల్లో నెల రోజులున్నా పిల్లలు ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకోకపోవచ్చు. ఒకరు కిటికీ వైపు, ఒకరు గోడ వైపు. మధ్యలో తల్లులూ, సంచులూ, సెలైన్ స్టాండులూ. వీళ్లని కలపడం ఎలా? మంచాలు జరపడం కుదరదు. మంచం నుంచి మంచానికి తాడు కట్టి చీటీలు పంపించుకోవచ్చని కొంతమంది సలహా ఇస్తారు. వినడానికి బాగుంటుంది గానీ, సిస్టర్లు పరుగెత్తే దారిలో తాడు కాలికి అడ్డం, చిన్నపిల్లల మెడకి ప్రమాదం. అది వద్దు.

మా వార్డులో బాగా నిలదొక్కుకున్నది మన పులి-మేక. అరుగుల మీద చెక్కి ఉండే ఆ త్రికోణం గీతల ఆట మీకు గుర్తుండే ఉంటుంది. 23 కూడళ్లు, 3 పులులు, 15 మేకలు. మేకల్ని ఒక్కొక్కటిగా దింపుతూ రావాలి. అన్నీ దిగేదాకా దిగిన మేక కదలకూడదు. పులి పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకితే ఆ మేక పోయినట్టు. పులులన్నీ కదల్లేకుండా కట్టడి అయితే మేకలది గెలుపు.

పడుకున్న పిల్లలకి దీన్ని ఇలా మార్చుకున్నాం. ఒకే పటం చుట్టూ ఇద్దరూ కూర్చోలేరు కాబట్టి ఇద్దరికీ చెరో పటం ఇచ్చాం. 23 కూడళ్లకీ 1 నుంచి 23 దాకా అంకెలు, రెండు పటాల్లోనూ ఒకేలా. ఒకమ్మాయి తన మంచం మీంచి 'మేక 14' అని కేకేస్తుంది. ఎదుటి మంచం అబ్బాయి తన పటంలో 14 దగ్గర 'మే' అని రాసుకుని, కాసేపు ఆలోచించి 'పులి 3 నుంచి 8' అంటాడు. ఇద్దరి పటాలూ ఎప్పుడూ ఒకేలా ఉండాలి. తేడా వస్తే ఎక్కడ తప్పిపోయారో వెనక్కి లెక్కపెట్టుకుంటారు. అప్పుడు మధ్య మంచాల వాళ్లు కూడా సాక్ష్యానికి దిగుతారు. 'లేదు లేదు, వాడు 9 అన్నాడు, నేను విన్నాను!' రెండు మంచాల ఆట పది మంచాల ఆట అవుతుంది. ఇంతకంటే మనకేం కావాలి?

గింజలు, గవ్వలు, చింతపిక్కలు ఎందుకు పెట్టలేదంటారా? అవి మంచం మీద దొర్లిపోతాయి, అది ఒకటి. రెండోది అసలైన కారణం. నడుముకీ కాలికీ సిమెంటు కట్టు ఉన్న పిల్లల దగ్గర చిన్న గింజ కట్టు లోపలికి జారితే ఎవరికీ కనపడదు. అది చర్మాన్ని ఒరుసుకుని పుండు పడుతుంది. కట్టు దగ్గర వాసన రావడం, పిల్ల ఒకేచోట మంట అనడం, ఉన్నట్టుండి జ్వరం రావడం, వీటిలో ఏది కనిపించినా సిస్టర్‌కి వెంటనే చెప్పాలి. కట్టు లోపల దురద పెడుతోందని పెన్సిలూ స్కేలూ దూర్చడం కూడా అలాంటిదే. అందుకే మా పటాల్లో అన్నీ పెన్సిల్ గుర్తులే, రబ్బరుతో చెరిపేయడమే. చదువు అయ్యాక పెన్సిళ్లు, రబ్బర్లు లెక్కపెట్టి బీరువాలో పెట్టేస్తాం.

ఇక కేక వేయడానికి ఓపిక లేని పిల్లలుంటారు. వాళ్ల కోసం మా దగ్గర పోస్ట్‌మాన్ ఉన్నాడు. ఎముకల వార్డులో ఒక సౌకర్యం ఏమిటంటే చెయ్యి విరిగినవాళ్లు నడవగలరు. మంచం దిగలేనివాళ్లు రాయగలరు. చెయ్యి కట్టుతో ఊరికే తిరుగుతూ సిస్టర్లతో చీవాట్లు తినే పిల్లవాడికి భుజాన ఒక సంచి తగిలించి చూడండి. రోజుకి రెండుసార్లు ఉత్తరాలు తీసుకోవాలి, ఇవ్వాలి. ఎవరిది వారికే ఇవ్వాలి, మధ్యలో విప్పి చదవకూడదు. వాడు ఇంటికి వెళ్లే రోజున సంచి ఎవరికి అప్పగించాలో వాడే చెప్పాలి.

వద్దనే హక్కు

చదువు చెప్పడానికి వచ్చేవాళ్లు ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోవాలని నా మనవి. ఆసుపత్రిలో పిల్ల చేతిలో ఏమీ ఉండదు. సూది వద్దంటే మానరు, కట్టు విప్పొద్దంటే ఆగరు, మందు చేదంటే పోయక మానరు. మానకూడదు కూడా. అలాంటి చోట మన బడి ఒక్కటే 'ఈ రోజు వద్దు టీచర్' అనగలిగిన వస్తువు. ఆ మాటని మనం మన్నించి తీరాలి. బుజ్జగించి, బతిమాలి, తల్లిచేత కసిరించి పుస్తకం పట్టిస్తే మనమూ సూది పెట్టేవాళ్ల జట్టులో చేరిపోతాం. 'సరే, నీ పటం ఇక్కడ పెడతాను, ఎత్తు నీదే, రేపు చెప్పు' అని వచ్చేయాలి. ఎదుటి మంచం వాడు ఊరుకోడు. 'ఏయ్, నీ ఆట!' అని వాడే పిలుస్తాడు. పిల్లని పిల్లే పిలవాలి.

వేళ కూడా ముఖ్యం. పొద్దున డాక్టర్ల రౌండ్లు, కట్లు మార్చడం. కట్టు మార్చిన తరవాత గంటసేపు ఏ పిల్లా మన మాట వినే స్థితిలో ఉండదు. కొన్ని మందులకి మత్తుగా ఉంటుంది. మేం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా పెట్టుకున్నాం, ఒక్కో మంచం దగ్గర ఇరవై నిమిషాలు మించకుండా. ఆ వేళలో అత్యవసరమైతే తప్ప సూదులు పెట్టకూడదని హెడ్‌సిస్టర్ గారు ఒప్పుకున్నారు. బీరువా తలుపు తెరిచిన చప్పుడు వినపడగానే పిల్లల ఒళ్లు వదులవడం కళ్లారా చూస్తాం. ఇప్పుడు నొప్పి రాదని వాళ్లకి తెలుసు.

మరి పిల్ల నిజంగా ఆటలో పడిందో లేదో ఎలా తెలుస్తుంది? బుద్ధిగా తల ఊపితే చాలదు. అతి బుద్ధిమంతులని మనం మెచ్చుకునే పిల్లల దగ్గరే నాకు భయం. పగలంతా కునుకు, మొహం గోడవైపు, ఏమడిగినా తల్లో అమ్మమ్మో జవాబివ్వడం. ఈ మూడూ కలిస్తే ఆ పిల్ల మనకి దూరమైపోతోందన్న మాట. అలాంటప్పుడు తల్లిని 'ఒక్క పది నిమిషాలు టీ తాగి రామ్మా' అని పంపించి, పిల్లకి జవాబు అక్కర్లేని పని ఇవ్వాలి. పక్క మంచం ఆటలో గుర్తులు పెట్టే పని లాంటిది. ఎప్పుడైతే 'వాడు ఎత్తు చెప్పాడా?' అని తనంతట తాను అడిగిందో, అప్పుడు వచ్చినట్టు.

ముప్ఫై ఒక్క ఉత్తరాలు

ఇప్పుడు అసలు కష్టమైన సంగతికి వస్తాను. వార్డులోని స్నేహాలు వార్డుతోనే పోతాయి. పిల్ల తిరిగి వెళ్లేది తన ఊరి బడికి. ఆ బడి పిల్లల్ని మరిచిపోకుండా, వాళ్లు ఈ పిల్లని మరిచిపోకుండా చూడాలి. లేకపోతే ఏమవుతుందో మనందరికీ తెలుసు. అందులోనూ ఆడపిల్లకి.

ఆటో బోల్తా పడి తొడ విరిగిన ఒక ఐదో తరగతి పాప మా మూడో నంబరు మంచం మీద ఆరు వారాలుంది. గాయం మానేదాకా ఆపరేషన్ ఆపారు. మొదటి వారం జ్వరం, నొప్పి. చదువు ఊసెత్తలేదు, కథలు చదివి వినిపించడమే. రెండో వారం పులి-మేకలో చేరింది. మూడో వారం వాళ్ల బడి నుంచి కవరు వచ్చింది, 31 ఉత్తరాలు. పాప మొహం వెలిగిపోయింది. ఒకటి విప్పింది. 'నువ్వు త్వరగా కోలుకుని బడికి రావాలని కోరుకుంటున్నాము.' రెండోదీ అదే. మూడోదీ అదే. పాపం, మాస్టారు నల్లబల్ల మీద రాసి ఉంటారు, పిల్లలు శ్రద్ధగా ఎక్కించి ఉంటారు. నాలుగోది విప్పలేదు. అన్నీ కలిపి తలగడ కింద పెట్టేసింది. జవాబు రాయమంటే, 'ఏం రాయాలి టీచర్? వాళ్లేం అడగలేదుగా' అంది.

ఆ పాప మాటలో మొత్తం ఉంది. అడగని ఉత్తరానికి జవాబుండదు. ఆ మాస్టారికి ఫోన్ చేసి ఇదే చెప్పాను. ఆయన మంచివారు, వెంటనే అర్థం చేసుకున్నారు. దీవెనలు చాలు, ఇక ప్రశ్నలు పంపించుకుందాం అనుకున్నాం. మొదటి ప్రశ్న మా పాపే వేసింది. దానికి లెక్క మా వార్డులోనే దొరికింది, సెలైన్ సీసాలో!

సెలైన్ గొట్టం మధ్యలో చిన్న బుడ్డి ఉంటుంది, అందులో చుక్కలు పడుతుంటాయి. ఎన్ని చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరో ఆ సెట్టు కవరు మీద అచ్చు వేసి ఉంటుంది. మామూలు సెట్టుకి 20, చిన్నపిల్లలకి వాడే సన్న చుక్కల సెట్టుకి 60. పక్క మంచానికి పెట్టింది మామూలు సెట్టు. పాప నా చేతి గడియారం తీసుకుని ఒక నిమిషంలో పడే చుక్కలు లెక్కపెట్టింది. 20 వచ్చాయి. అంటే నిమిషానికి 1 మిల్లీలీటరు, గంటకి 60. సీసా 500 మిల్లీలీటర్లు. పొద్దున 10 గంటలకి పెడితే ఎప్పుడైపోతుంది? ఇదీ తన క్లాసుకి పంపిన లెక్క. చుక్కల వేగం మార్చే చక్రాన్ని మాత్రం పిల్లలు ముట్టుకోకూడదు, చూసి లెక్కపెట్టడమే. అది మొదటే ఒట్టు వేయించుకున్నాను.

నాలుగు రోజుల్లో జవాబులు వచ్చాయి. క్లాసు నాలుగు గుంపులుగా చేసింది. రెండు గుంపులకి సాయంత్రం 6 గంటల 20 నిమిషాలు వచ్చింది. ఒక గుంపు 6 గంటల 33 నిమిషాలు అంది. 500ని 60తో భాగిస్తే వచ్చే 8.33ని 8 గంటల 33 నిమిషాలనుకున్నారన్న మాట. ఇంకో గుంపు 60 చుక్కల సెట్టు లెక్క వేసి మర్నాటి పొద్దున 11 గంటలు అంది. మా పాప ఎర్ర పెన్సిల్ పుచ్చుకుని నాలుగూ దిద్దింది. 8.33 వాళ్లకి కింద రాసింది, 'మూడో వంతు గంట అంటే 20 నిమిషాలు' అని. తను మంచం మీద పడి ఉన్న పిల్ల అన్న సంగతి ఆ సాయంత్రం ఎవరికీ గుర్తు లేదు, తనకి కూడా.

తిరుగుటపాలో వాళ్లూ అడిగారు. 'నీ కాలికి కట్టిన బరువు రాత్రి పడుకునేటప్పుడు తీసేస్తారా?' పాప రౌండ్లకి వచ్చిన డాక్టరు గారిని అడిగింది. పగలూ రాత్రీ ఉంచాల్సిందేననీ, తీస్తే కండరాలు బిగుసుకుని ఎముక ముక్కలు మళ్లీ ఒకదాని మీదకి ఒకటి ఎక్కుతాయనీ ఆయన చెప్పారు. అది రాసి పంపింది. అంతకుముందు ఆ డాక్టరు గారిని చూస్తేనే మొహం తిప్పుకునే పిల్ల!

ఐదో వారం చిక్కొచ్చింది. ఊళ్లో పరీక్షలు, ఉత్తరం రాలేదు. ఇది అందరి విషయంలోనూ జరిగేదే, మొదటి ఉత్సాహం రెండు మూడు వారాలకి మించి ఉండదు. క్లాసంతా రాయాలంటే ఎవరూ రాయరు. అందుకని వారానికి ఇద్దరు పిల్లల వంతు, గురువారం నాడే, ఒక ప్రశ్న ఒక జవాబు, అంతే అని పెట్టుకున్నాం. కాగితం ఫొటో తీసి మాస్టారు నా ఫోనుకి పంపిస్తారు, నేను చూపిస్తాను. వీడియో ఫోను కంటే ఇదే నయమనిపించింది నాకు. వీడియోలో ముప్ఫై మంది ఒకేసారి 'ఎలా ఉన్నావ్' అని అరుస్తారు. పిల్లకి తన చెదిరిన జుట్టూ, పక్కనున్న బెడ్‌పానూ కనిపిస్తాయేమోనని సిగ్గు. కాగితం అయితే తనకి ఓపిక ఉన్నప్పుడు చదువుకుంటుంది. వీడియో చేస్తే ఇద్దరు ముగ్గురితోనే, పాప ఒప్పుకుంటేనే, పది నిమిషాలే.

ఆరో వారం ఆపరేషన్ అయింది, చంకకర్రలతో ఇంటికెళ్లింది. వెళ్లే రోజున నానమ్మ గారు అన్న మాట, 'ఆడపిల్ల, ఈ ఏడు ఊరుకుంటే ఏం మునిగింది టీచరమ్మా, ఇంట్లో ఉంటుంది.' ఆవిడ ప్రేమతోనే అన్నారు. నేను జవాబు చెప్పేలోపే పాప అంది, 'వచ్చే గురువారం లెక్క నేనే ఇవ్వాలి నానమ్మా, వాళ్లు చూస్తుంటారు.' నేను ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఆ మాటకి సాటి రావు. బడిలో ఆ పాపకి కింద కూర్చోవడం కుదరదని పిల్లలకి ఉత్తరాల్లో ముందే తెలుసు కాబట్టి గుమ్మం దగ్గరగా ఒక బెంచీ వేయించి ఉంచారట.

ముట్టుకోకూడని పిల్లలు

అన్ని వార్డుల్లోనూ ఇదే పద్ధతి నడవదు. రక్త క్యాన్సరుకి మందులు ఎక్కిస్తున్న పిల్లలకి తెల్ల కణాలు పడిపోయిన రోజుల్లో చిన్న సూక్ష్మజీవి కూడా ప్రమాదమే. అక్కడికి చేతులు మారిన కాగితం, సంచీ, మట్టి, పూలకుండీ తీసుకెళ్లకూడదు. అనపగింజ మొలకెత్తించే పాఠం ఎంత ముచ్చటైనా ఆ గదిలో వద్దు. స్నేహితుల్ని చూడటానికి తీసుకొద్దామన్నా, వాళ్లలో ఒకరికి అమ్మవారు పోసి ఉందని రెండు రోజుల తరవాత తెలియవచ్చు. అప్పటికి ఆలస్యమైపోతుంది.

అక్కడ పులి-మేక పటానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి, ఆసుపత్రివాళ్లు చెప్పిన మందుతో తుడిచి, ఆ పిల్లకే ఉంచేయాలి. తన పెన్సిళ్లు తనకే. ఎత్తులు మాత్రం ఫోనులో చెప్పుకోవచ్చు, అంకెలకి అంటు ఉండదు కదా! నోరు పూసి మాట్లాడలేని రోజుల్లో వేళ్లతో అంకె చూపిస్తే తల్లి ఫోనులో చెబుతుంది. ఏది తేవచ్చో ఏది తేకూడదో రోజూ గుమ్మం దగ్గరే సిస్టర్‌ని అడగాలి. నిన్నటి అనుమతి ఇవాళ్టికి చెల్లదు.

ఇంకొక్క సంగతి ఉంది, చెప్పడం కష్టమే గానీ దాటేయకూడదు. ఒక రోజు ఒక మంచం ఖాళీగా ఉంటుంది. ఆ పిల్ల ఇంటికి వెళ్లలేదని మిగతా పిల్లలకి మనకంటే ముందే తెలుస్తుంది. 'వేరే ఊరు పంపించారు' అని అబద్ధం చెబితే, నిజంగా ఇంటికి వెళ్లిన పిల్లల గురించి కూడా ఇక నమ్మరు. ఏం చెప్పాలో ఆ పిల్లల తల్లిదండ్రుల్నీ డాక్టరునీ అడిగి, అడిగిన పిల్లకి, అడిగినంత వరకూ నిజం చెప్పాలి. సగం ఆగిన ఆట పటాన్ని చడీచప్పుడు లేకుండా చెత్తలో పారేయకూడదు. ఎదుటి ఆటగాడికి ఇచ్చి ఏం చేయాలనుందో అడగాలి. ఒకబ్బాయి ఆ పటాన్ని మడిచి తన లెక్కల పుస్తకంలో పెట్టుకున్నాడు. ఇంకేం మాట్లాడలేదు.

మన వంతు

ఇదంతా నడపడానికి పెద్ద ఖర్చేం లేదు. పది క్లిప్పు అట్టలు, పెన్సిళ్లు, రబ్బర్లు, జిరాక్సు కాగితాలు, తాళం ఉన్న బీరువా. సూపరింటెండెంటు గారి రాతపూర్వక అనుమతి, హెడ్‌సిస్టర్ గారి స్నేహం. వచ్చే మనిషికి దగ్గూ జ్వరం ఉంటే ఆ రోజు రాకూడదన్న నియమం. పిల్లల ఫొటో గానీ, జబ్బు వివరం గానీ తల్లిదండ్రుల అనుమతి లేకుండా గడప దాటకూడదన్న నియమం. ఇవి చాలు.

దొరకనిది ఒక్కటే, క్రమం. ఒక రోజు పదిహేను మంది వచ్చి, మళ్లీ నెల రోజులు ఎవరూ రాకపోతే పిల్లలకి ఉపయోగం లేదు సరికదా, మనుషులు వస్తారు పోతారన్న పాఠం ఇంకోసారి నేర్చుకుంటారు. మీ ఊరి మహిళా మండలిలో నలుగురున్నారనుకోండి, వారానికి ఒక్కొక్కరు ఒక్క మధ్యాహ్నం చొప్పున తీసుకోండి. ఆ నలుగురూ ఒకే నోటు పుస్తకం వాడండి. ఎవరి ఆట ఎక్కడ ఆగింది, ఎవరి ఎత్తు మిగిలింది, ఎవరి బడికి ఉత్తరం వెళ్లాలి అన్నది అందులో రాసి ఉండాలి. టీచరు మారినా ఆట ఆగదు.

వార్డుకి వెళ్లడం కుదరనివారు చేయగలిగింది కూడా ఒకటుంది. మీ పిల్లల తరగతిలో ఎవరైనా నెల రోజులుగా రావడం లేదా? 'పాపం' అని ఊరుకోకండి. మీ పిల్లచేత ఉత్తరం రాయించండి. అందులో దీవెన ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు, చివర ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా ఉండాలి.